పన్నెండు దాటాక తిరిగే స్పిన్: పై ఇంటికి పంపాల్సిన మెసేజ్

రాత్రి 9:45కి పై ఫ్లాటులో వాషింగ్ మెషీన్ స్టార్ట్ నొక్కుతారు. పది కొట్టకముందే వేశాం కదా అని వాళ్లు నిశ్చింతగానే ఉంటారు. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో కాటన్ ప్రోగ్రామ్ పెడితే నీళ్లు వేడెక్కడం, ఉతకడం, రెండు మూడుసార్లు జాడించడం అన్నీ కలిపి రెండున్నర గంటలకు అటూ ఇటూగా పడుతుంది. గట్టిగా పిండే చివరి స్పిన్ వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. స్టార్ట్ నొక్కినవాళ్లు అప్పటికి రెండు తలుపుల అవతల గాఢ నిద్రలో ఉంటారు. కింది ఫ్లాటులో మంచం ఎక్కినవాళ్లకు మాత్రం సీలింగులోంచి అదురు మొదలై, పెరిగి, పది పన్నెండు నిమిషాలు అక్కడే నిలిచిపోతుంది. వారానికి మూడు నాలుగు రాత్రులు ఇదే వరస. హైదరాబాద్ కూకట్‌పల్లిలోనైనా, విజయవాడ పటమటలోనైనా, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లున్న ఏ అపార్ట్‌మెంటులోనైనా ఈ లెక్క పెద్దగా మారదు. మోగిస్తున్నవాళ్లకు మోత తెలియదు, వింటున్నవాళ్లకు అది నిర్లక్ష్యంగా తోస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది రెండున్నర గంటల తేడా. కింది ఇంటివాళ్లు పంపే మెసేజ్ పని చేయాలంటే చెప్పాల్సింది ఆ తేడానే. మర్యాద ఎంత, కోపం ఎంత అన్నది ఆ తరవాతి సంగతి.

ఇలాంటప్పుడు మామూలుగా వెళ్లే మెసేజ్‌లు రెండు రకాలు. మొదటిది, "దయచేసి రాత్రిళ్లు కాస్త సౌండ్ తగ్గించండి" అని. ఇందులో తప్పుపట్టాల్సిన మాట లేదు, చేయగలిగిన పని కూడా లేదు. ఏ సౌండ్, ఎన్ని గంటలకు, ఎంత తగ్గిస్తే కాస్త తగ్గించినట్టు? చదివినవాళ్లు టీవీ అనుకుని టీవీ తగ్గిస్తారు, పిల్లల్ని పరిగెత్తొద్దంటారు, మెషీన్ మాత్రం తన టైముకు తాను తిరుగుతుంది. వారం తరవాత కింది ఇంటివాళ్లు "చెప్పినా వినలేదు" అనుకుంటారు. పైవాళ్లు విన్నారు, వేరేదేదో విన్నారు. రెండో రకం మెసేజ్ అర్ధరాత్రి పన్నెండున్నరకు వెళుతుంది: "మనుషులు పడుకోవద్దా అండీ?" పొద్దున లేచి దీన్ని చూసినవాళ్లకు ముందు కనిపించేది నిందే. రాత్రంతా నిద్రపోయిన మనిషికి తాను ఎవరి నిద్రో చెడగొట్టానంటే నమ్మకం కుదరదు. "మా ఇంట్లో పదకొండుకే లైట్లు ఆర్పేస్తాం" అని జవాబిస్తారు. అది అబద్ధం కాదు. లైట్లు ఆరిపోయి గంట దాటాక కదా స్పిన్ మొదలైంది.

మెసేజ్ రాసేవాళ్లకు ఆ స్పిన్‌లో జరిగేదేమిటో కొంచెం తెలిస్తే మాట తీరే మారుతుంది. ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి యాభై చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది, ఆ చప్పుడు పక్క గదికి కూడా చేరదు. పిండేటప్పుడు అదే డ్రమ్ము వెయ్యి, పన్నెండు వందల చుట్లకు వెళుతుంది. 1200 అంటే సెకనుకు 20 చుట్లు. బట్టలు డ్రమ్ము చుట్టూ సమంగా పరుచుకుంటే ఇబ్బంది తక్కువ. ఒక జీన్సు ప్యాంటో తడిసిన దుప్పటో ఒకవైపు ముద్దగా చేరిందంటే కథ వేరు. ఒకపక్క 300 గ్రాముల బరువు ఎక్కువగా ఉండి, అది మధ్య నుంచి 24 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతోందనుకుందాం. 1200 చుట్ల వేగంలో అది డ్రమ్మును బయటికి లాగే బలం దాదాపు 115 కిలోల బరువుకు సమానం. పైగా ఆ లాగుడు దిశ సెకనుకు 20 సార్లు తిరుగుతుంటుంది. మెషీన్ లోపలి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, లోపల బిగించిన బరువు దిమ్మ ఇందులో చాలా భాగాన్ని మింగేస్తాయి. మిగిలింది నాలుగు కాళ్ల గుండా నేలలోకి దిగుతుంది. మన ఇళ్లలో ఆ నేల అంటే కాంక్రీటు స్లాబు, దాని మీద నేరుగా సిమెంటుతో పరిచిన టైల్సు. అదురును ఆపే మెత్తటి పొర ఎక్కడా ఉండదు. స్లాబు అడుగుభాగమే కింది ఇంటి సీలింగు కాబట్టి ఆ సీలింగే స్పీకరులా మోగుతుంది. పై ఇంట్లో మాత్రం ఆ చప్పుడు యుటిలిటీ తలుపు దగ్గరే ఆగిపోతుంది. గాలిలో వచ్చే చప్పుడును తలుపు ఆపగలదు, స్లాబులోంచి వెళ్లే అదురుకు తలుపు లెక్కలేదు. "మాకే వినబడదు, మీకెలా వినబడుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఆ ప్రశ్న వేసినవాళ్లు బుకాయిస్తున్నారని అనుకోనక్కరలేదు.

ఇక్కడే చాలామంది ఫోనులో డెసిబెల్ యాప్ తెరిచి స్క్రీన్‌షాట్ తీస్తారు. అది వద్దు. మన శబ్దకాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 వరకు, నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. కానీ ఆ కొలత మనిషి చెవి స్పందనకు తగ్గట్టు సర్దిన కొలత, అందులో లోతైన చప్పుళ్లను బాగా తగ్గించి లెక్కిస్తారు. వంద హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ దాకా, యాభై దగ్గర 30 దాకా తగ్గుతుంది. సెకనుకు 20 సార్లు వచ్చే అదురు దగ్గరైతే దాదాపు 50 తీసేస్తారు. మంచం కాళ్లలోంచి ఒంటికి తెలిసే అదురు యాప్‌లో 38 అని కనిపించవచ్చు. దాన్ని పంపితే పైవాళ్ల చేతికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టు: చట్టం 45 అంటోంది, ఇది 38 కదా! పైగా ఫోను మైకులు లోతైన చప్పుళ్లను సరిగా పట్టవు. ఆ నియమాల్లోని పరిమితి ప్రాంతం మొత్తం మీద ఉండాల్సిన శబ్దస్థాయికి సంబంధించినది. ఒక పడగ్గదిలోకి స్లాబు గుండా దిగిన పదినిమిషాల అదురును తేల్చడానికి రాసింది కాదు. అంకె మీదికి గొడవ మళ్లిందంటే నిద్ర సంగతి మరుగున పడుతుంది. గడియారం సాక్ష్యం మాత్రం ఎవరూ కాదనలేరు. ఏ రోజు, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది అన్నది మూడు రాత్రులు కాగితం మీద రాసుకుంటే చాలు.

ఆ రాసుకోవడంలోనే అసలు మూలం కూడా తేలుతుంది. పై నుంచి వచ్చిన చప్పుడల్లా పై ఇంటిది కాదు. కాంక్రీటు ఫ్రేములో అదురు నిలువుగానూ అడ్డంగానూ పాకుతుంది. రెండంతస్తుల పైనున్న మెషీన్, పక్క వరుసలోని ప్రెషర్ పంపు, సంపులోంచి ట్యాంకుకు నీళ్లు తోడే మోటారు, లిఫ్టు, అన్నీ పడుకున్నవాడికి నెత్తిమీదే ఉన్నట్టు అనిపిస్తాయి. గుర్తుపట్టడానికి దారి ఉంది. పంపు, మోటారు ఒకే స్వరంలో మొదలై అదే స్వరంలో ఆగిపోతాయి. స్పిన్ అలా కాదు. ముందు తడబడుతున్నట్టు రెండు మూడు ఊపులు వస్తాయి, బట్టలు సమంగా పరుచుకోవడానికి మెషీన్ చేసే ప్రయత్నం అది. తరవాత స్వరం మెట్టుమెట్టుగా పైకెక్కి కొన్ని నిమిషాలు నిలబడి, చివర మెల్లగా దిగిపోతుంది. అంతకు ముందు గంటలో, జాడింపుల మధ్య, ఇదే తీరు చిన్న మోతాదులో ఒకటి రెండుసార్లు వినబడి ఉంటుంది. ఇంకో మంచి గుర్తు మీ యుటిలిటీలోనే ఉంది. స్పిన్‌కు ముందు మెషీన్ నీళ్లు వదులుతుంది. నిలువు పైపులో నీళ్లు దబదబా జారిన చప్పుడు, వెంటనే అదురు అంటే మూలం మీ నిలువు వరుసలోని మెషీనే. అయితే పైపు చెప్పేది వరుసను మాత్రమే, అంతస్తును కాదు. 302లో ఉన్నవాళ్లకు అది 402 కావచ్చు, 502 కూడా కావచ్చు. అందుకే మెసేజ్‌లో "మీదే" అని కొట్టినట్టు రాయకూడదు. "మీదే అనుకుంటున్నాను" అనడం ఇక్కడ మొహమాటం కాదు, తెలిసినంత మేరకే చెప్పడం.

ఇక అడగాల్సిన పరిష్కారం. చేతికి ముందు తగిలేవి రబ్బరు ప్యాడ్లు. మెషీన్ కాళ్ల కింద పెట్టేవి ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. అవి మెషీన్ జారకుండా ఆపుతాయి, గరగరను కొంత తగ్గిస్తాయి. సెకనుకు 20 సార్లు వచ్చే లోతైన అదురును ఆపాలంటే అవి బాగా మెత్తగా ఉండాలి, అంత మెత్తనైతే మెషీన్ ఊగుతుంది. చక్రాల స్టాండు మీద నిలబెట్టిన మెషీన్ కింద వేస్తే ఊపు ఇంకా పెరగవచ్చు. ఆ స్టాండు తీసేయడం, కాళ్లు సమంగా సరిచేయడం, కొత్త మెషీనైతే రవాణా కోసం వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో చూడడం మంచివే. కానీ వీటికి సర్వీసు మెకానిక్ రావాలి, సెలవు రోజు కావాలి, చివరికి ఎంత తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. అసలు వాళ్ల ఇంట్లోని వస్తువు బాగోలేదని మొదటి మెసేజ్‌లోనే అనడం ఎందుకు? పట్టపగలు ఇదే అదురు వస్తే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. అభ్యంతరం టైము మీద ఉన్నప్పుడు అడగాల్సింది కూడా టైమునే మార్చమని. ఆ మార్పు రోజూ గుర్తుంచుకుని ఎవరూ మేలుకోనక్కరలేనిదై ఉండాలి. అలాంటిది మెషీన్ మీదే ఒక బటన్‌గా ఉంది. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో చాలావాటికి డిలే ఎండ్ గానీ డిలే స్టార్ట్ గానీ ఉంటుంది. కొన్న రోజు డెమో చూపించిన కుర్రాడు చెప్పే ఉంటాడు. ఆ తరవాత దాన్ని తాకినవాళ్లు తక్కువ.

లెక్క చూద్దాం. రాత్రి 9:45కి బట్టలు, సబ్బు పొడి వేసి, డిలే ఎండ్‌లో 10 గంటలు పెడితే ప్రోగ్రామ్ పొద్దున 7:45కి పూర్తవుతుంది. మెషీన్ తనంతట తాను 5:15 ప్రాంతంలో మొదలవుతుంది. మొదటి గంట పైచిలుకు నీళ్లు వేడెక్కడానికి, ఉతకడానికే సరిపోతుంది, అది కిందికి వినబడదు. జాడింపు మధ్య వచ్చే చిన్న స్పిన్‌లు ఆరు దాటాక, పెద్ద స్పిన్ ఏడున్నర ప్రాంతంలో వస్తాయి. ఎనిమిదికి పూర్తవ్వాలని ఎందుకు, ఆరుకే పూర్తయ్యేలా పెడితే పోలేదా అనిపించవచ్చు. అలా పెడితే స్పిన్‌లన్నీ నాలుగున్నర, ఆరు మధ్యకు జరుగుతాయి. అర్ధరాత్రి బాధ తెల్లవారుజాముకు మారుతుంది తప్ప తగ్గదు. డిలే స్టార్ట్ ఉన్న మెషీన్‌లో లెక్క మొదలయ్యే టైముకు వేసుకోవాలి: 8 గంటలు పెడితే 5:45కి మొదలై 8:15కి అయిపోతుంది. ఈ తేడా మెసేజ్ రాసేవాళ్లకు తెలిసి ఉండాలి. ఎదుటివాళ్లు "మా దాంట్లో ఎండ్ లేదు, స్టార్ట్ ఉంది" అంటే, "అయితే 8 పెట్టండి" అని వెంటనే చెప్పగలగాలి. అడిగిన పని అర్థం కాక ఆగిపోతే అది కాదన్నట్టే మిగిలిపోతుంది.

ఇది కింది ఇంటివాళ్లకు చేసే ఉపకారం మాత్రమే అయితే నాలుగు రోజులు నడిచి ఆగిపోతుంది. దీంట్లో పై ఇంటికీ లాభముంది, పైగా చిన్నది కాదు. ఇప్పుడు వాళ్ల బట్టలు పన్నెండుంపావుకు పిండడం అయిపోయి, పొద్దున ఆరేసేదాకా ఏడెనిమిది గంటలు తడిగా మూసిన డ్రమ్ములో పడి ఉంటున్నాయి. వానాకాలంలో ఆ ముక్క వాసన వదలక మళ్లీ ఉతకాల్సి వస్తుంది. డిలే పెడితే రాత్రంతా డ్రమ్ములో ఉండేవి పొడి బట్టలు. పిండిన పది నిమిషాలకే తీసి ఆరేయొచ్చు. లోటుపాట్లు కూడా చెప్పుకోవాలి. ట్రేలో లిక్విడ్ పోసి అన్ని గంటలు ఉంచితే అది చిక్కబడుతుంది, ముందే డ్రమ్ములోకి జారనూవచ్చు, కాబట్టి డిలేకి పొడే మేలు. చెమటతో తడిసిన స్పోర్ట్స్ బట్టల్ని రాత్రంతా డ్రమ్ములో కుక్కడం మంచిది కాదు. టాప్ లోడ్‌లలో కొన్నింటికే డిలే ఉంటుంది, సెమీ ఆటోమేటిక్‌కు ఉండనే ఉండదు. అయితే సెమీ ఆటోమేటిక్‌లో పిండడం మనిషి దగ్గరుండి చేయించేది, కాబట్టి ఎవరూ నిద్రపోయాక అది తిరగదు. మనుషులు పడుకున్నాక మెషీన్ నడవడం ప్రమాదం కాదా అని ఎవరైనా అడగవచ్చు, సరైన ప్రశ్నే. కానీ ఇప్పుడు కూడా వాళ్లు పడుకున్నాకే నడుస్తోంది. డిలేతో ఆ పనిలో ఎక్కువ భాగం ఇంట్లో ఎవరో ఒకరు లేచి తిరిగే వేళకు మారుతుంది.

ఇంత తెలిశాక మెసేజ్ చిన్నదే అవుతుంది. 302 నుంచి 402కి, ఒక శనివారం పొద్దున పదిన్నరకు వెళ్లే మెసేజ్ ఇలా ఉండవచ్చు:

"అన్నయ్యగారూ, నమస్తే. కింద 302 నుంచి. ఒక విషయం మీకు తెలిస్తే సర్దుకుంటుందని చెబుతున్నాను. ఈ వారం సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి 12 దాటాక వాషింగ్ మెషీన్ స్పిన్ తిరుగుతున్నప్పుడు మా పడగ్గది స్లాబు పది నిమిషాలకు పైగా అదిరింది, మెలకువ వచ్చేస్తోంది. మీ మెషీనే అనుకుంటున్నాను. మీరు పది లోపే వేస్తూ ఉండొచ్చు, కానీ చివరి స్పిన్ వచ్చేసరికి అర్ధరాత్రి అవుతోంది. మీ గదిలోకి ఆ చప్పుడు రాకపోవచ్చు కూడా. ఒక్కటి చేయండి: రాత్రి బట్టలు వేసినప్పుడు డిలే ఎండ్ 10 గంటలు పెట్టండి. పొద్దున ఎనిమిది లోపు అయిపోతుంది, బట్టలు రాత్రంతా తడిగా ఉండవు. ఈ సోమవారం నుంచి అలా పెడతారా? బటన్ ఎక్కడుందో తెలియకపోతే మెషీన్ ప్యానెల్ ఫోటో పంపండి, చూసి చెబుతాను."

ఇందులో స్నేహం ఉన్నది "అన్నయ్యగారూ" అన్న పిలుపులో కన్నా "మీరు పది లోపే వేస్తూ ఉండొచ్చు" అన్న వాక్యంలో ఎక్కువ. ఎదుటివాళ్లు చెప్పబోయే సమాధానాన్ని వాళ్ల తరఫున ముందే ఒప్పుకుంటోంది ఆ వాక్యం. ఇక తమను తాము సమర్థించుకోవాల్సిన పని వాళ్లకు ఉండదు. గట్టిదనం మూడు చోట్ల ఉంది. రోజులూ టైమూ చెప్పింది, పని ఒక్కటే అడిగింది, ఎప్పటి నుంచో చెప్పింది. "వీలైతే", "ఏమీ అనుకోకండి", "చిన్న ఇబ్బంది" లాంటివి కావాలనే లేవు. అర్ధరాత్రి మెలకువ రావడం చిన్న ఇబ్బంది కాదు, కాదని తెలిసి అలా రాస్తే చదివినవాళ్లు దాన్ని అలాగే తీసుకుంటారు. మెసేజ్ ఎవరి ఫోనుకు వెళ్లాలన్నదీ ఆలోచించాల్సిందే. బట్టలంటే ఇల్లాలి పనే అన్నట్టు వదినగారికి పంపడం మన అలవాటు, రాత్రి తొమ్మిదిముప్పావుకు మెషీన్ వేస్తున్నది అన్నయ్యగారే కావచ్చు. తెలియనప్పుడు ఇద్దరికీ కలిపి పంపితే సరి. పంపే వేళ కూడా మెసేజ్‌లో భాగమే. పగలు పంపింది ఆలోచించి రాసినట్టుంటుంది, అర్ధరాత్రిది కోపంతో రాసినట్టుంటుంది, లోపలి మాటలు ఒకటే అయినా సరే.

ఒక మేడ ఎక్కి చెప్పగలిగిన దానికి ఫోను ఎందుకు అన్న అభ్యంతరం బలమైనదే, దానికి ఆధారమూ ఉంది. మహ్దీ రోఘానీజాద్, వెనెస్సా బోన్స్ 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అభ్యర్థనను కొందరు ముఖాముఖి, కొందరు ఈమెయిల్‌లో అడిగారు. ముఖాముఖి అడిగినది 34 రెట్లు ఎక్కువ ఫలించింది. రాసిన మాటలో స్వరం పోతుందనడానికీ సాక్ష్యముంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో చూపినదాని ప్రకారం, తాము వెటకారంగా అన్నామో నిజంగా అన్నామో ఈమెయిల్ చదివినవాళ్లు నూటికి 78 సార్లు పట్టేస్తారని పంపినవాళ్లు అనుకున్నారు. చదివినవాళ్లు పట్టుకున్నది 56 సార్లే, బొమ్మా బొరుసూ వేసినదానికి కాస్త పైన. ఈ రెంటినీ ఒప్పుకుంటూనే ఇక్కడ మెసేజే మేలంటాను. మొదటి ప్రయోగం ముక్కూమొహం తెలియని వాళ్లను అక్కడికక్కడే ఒక సర్వే పూరించమని అడగడం గురించి. అపరిచితుడి ఈమెయిల్‌ను నమ్మడానికి కారణం లేదు. ఇక్కడ ఇద్దరూ ఒకే లిఫ్టు ఎక్కేవాళ్లు. అడుగుతున్నదీ అప్పటికప్పుడు తేలే పని కాదు, మెషీన్ దగ్గరికి వెళ్లి బటన్ చూసి చేసేది. గుమ్మం దగ్గర చెబితే 10 గంటలా, ఎనిమిదికా, ఎండా, స్టార్టా అన్నది తలుపు వేసేలోపే కలగాపులగం అవుతుంది, మిగిలేది "కిందవాళ్లు గొడవకు వచ్చారు" అన్న జ్ఞాపకం. రెండో అధ్యయనం నేర్పేది వేరే పాఠం. మెసేజ్‌లో స్వరం మీద ఆధారపడే మాటలు, అంటే హాస్యం, ఎత్తిపొడుపు, "మీ మెషీన్ విమానంలా ఉందండీ" లాంటివి తీసేయాలి. రోజు, టైము, బటన్, తేదీ చదివేవాళ్ల స్వరంలో మారిపోవు. పంపిన సాయంత్రం లిఫ్టు దగ్గర కనిపిస్తే నవ్వి పలకరించడం మాత్రం ముఖాముఖీయే చేయాలి.

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి చెప్పినట్టవుతుంది కదా అనేవాళ్లున్నారు. 402 అని రాయకుండా "కొంతమంది రాత్రిళ్లు" అని పెడతారు. దాంతో పాతికమంది తమను కాదనుకుంటారు, ముగ్గురు తమనే అనుకుని నొచ్చుకుంటారు, 402వాళ్లు మాత్రం టీవీ గురించనుకుంటారు. పేరు పెట్టి రాస్తే ఇంకా చెడ్డది. నలుగురి ముందు తప్పుపట్టించుకున్న మనిషి ఆ బటన్ నొక్కితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, కాబట్టి నొక్కడు. పోలీసులకు ఫోను చేసే హక్కు ఉంది. కానీ వాళ్లు వచ్చేసరికి పదినిమిషాల స్పిన్ ఆగిపోయి ఉంటుంది. డీజే, మైకు విషయంలో చట్టం స్పష్టంగా మాట్లాడుతుంది, సుప్రీంకోర్టు కూడా 2005 జూలైలో రాత్రి లౌడ్‌స్పీకర్ల మీద తీర్పిచ్చింది. ఒక ఇంట్లో ఉతుకుతున్న బట్టల దగ్గరికి వచ్చేసరికి అదే స్పష్టత దొరకదు. అందుకే మొదటి మెసేజ్‌లో చట్టం ప్రస్తావన ఉండకూడదు. అమలు చేయలేని బెదిరింపు రాసినవాళ్లనే బలహీనపరుస్తుంది.

మరి గట్టిగా అడిగితే సంబంధం చెడిపోదా? ఇది అందరి మనసులోనూ ఉండే భయం, అందుకే చాలామంది నెలల తరబడి ఊరుకుంటారు. ఊరుకోవడం వల్ల సంబంధం బాగుంటుందన్నది నిజం కాదు, చెడిపోవడం ఒకవైపే జరుగుతుంది, అంతే. కిందవాళ్లు పలకరింపులు తగ్గిస్తారు, పార్కింగ్ దగ్గర చిన్నదానికి పెద్దగా అరుస్తారు, పైవాళ్లకు కారణమే తెలియదు. ఆరు నెలల తరవాత చెబితే "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్న న్యాయమైన ప్రశ్న వస్తుంది. మూడు రాత్రులు రాసుకున్నాక నాలుగో రోజు చెప్పడం ఇరువైపులా చౌక. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎదుటివాళ్లకు రాత్రి ఉతకడం తప్ప దారి లేని ఇళ్లుంటాయి: రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, పసిబిడ్డ గుడ్డలు పోగయ్యే ఇల్లు, పొద్దున ఆరుకే తాళం వేసి వెళ్లేవాళ్లు. వాళ్లకు డిలే సరిపోకపోవచ్చు. అప్పుడు కూడా ఈ మెసేజ్ వృథా కాదు, అడిగింది స్పష్టంగా ఉంది కాబట్టి జవాబూ స్పష్టంగా వస్తుంది. "పొద్దున కుదరదు, ఆఫీసు నుంచి వచ్చాక ఏడుకు వేస్తాం" అంటే తొమ్మిదిన్నరకు స్పిన్ అయిపోతుంది. అది అడిగినది కాకపోయినా కావలసినదే.

జవాబు "మాది కొత్త మెషీన్, సౌండే రాదు" అని వస్తే మెషీన్ గురించి వాదించకూడదు. ఇక్కడే ఈ పరిష్కారానికి ఉన్న రెండో ఉపయోగం బయటపడుతుంది, అది పరీక్ష కూడా. "కావచ్చండి. రెండు రాత్రులు డిలే పెట్టి చూడండి. అప్పుడు కూడా పన్నెండుకు అదిరితే మీది కాదని తేలిపోతుంది, నేను 502 వాళ్లను అడుగుతాను." దీనికి కాదనడం కష్టం, ఎందుకంటే వాళ్లు అంటున్నది నిజమైతే నిరూపించుకోవడానికి దారి ఇదే. అదురు ఆగితే ఎవరిదో తెలుస్తుంది, మాట తూలకుండానే. ఆగకపోతే 402వాళ్లకు క్షమాపణ చెప్పి పై అంతస్తుకు వెళ్లాలి. అనుమానాన్ని నిజమన్నట్టు రాసి ఉంటే ఆ క్షమాపణ చాలా బరువుగా ఉండేది.

సరేనని వారం పెట్టి, తరవాత మరిచిపోవడం అన్నిటికన్నా మామూలుగా జరిగేది. అతిథులు వచ్చిన వారం, పండగ దుప్పట్ల వారం ఒక రాత్రి జారితే పట్టించుకోనక్కరలేదు. వారంలో రెండోసారి అయితే మర్నాడు పగలు రెండో మెసేజ్ వెళ్లాలి, మొదటిదానికన్నా చిన్నగా, కొత్త ఫిర్యాదులేవీ కలపకుండా: "అన్నయ్యగారూ, పోయిన వారమంతా డిలే పెట్టారు, హాయిగా నిద్రపట్టింది. నిన్న, మొన్న మళ్లీ 12:20కి స్పిన్ వచ్చింది. ఈ రాత్రి నుంచి మళ్లీ 10 గంటలు పెట్టండి." నెలలోపు మూడోసారి రాయాల్సి వస్తే అది అసోసియేషన్ సెక్రటరీకి విడిగా, ఈ రెండు మెసేజ్‌లూ రాసుకున్న తేదీలూ జతచేసి వెళ్లాలి. ఆ సంగతి 402వాళ్లకు ముందే చెప్పాలి. సెక్రటరీ చేయాల్సిన పని కూడా అప్పటికే తేల్చి ఉంటుంది: మెషీన్ ప్యానెల్ మీద డిలే పది గంటలకు పెట్టమని చెప్పడం, అది కుదరదంటే రాత్రి ఏడున్నర తరవాత ఆ వరుసలో మెషీన్ స్టార్ట్ చేయకూడదని తీర్మానం రాయించడం.